ఎస్ కార్ప్‌కి డిసెంబర్ 31 తప్ప వేరే ఇయర్ ఎండ్ కుదరదా? దీపావళి అయ్యాక లెక్కలు మూసుకోవాలని ఉంది

ఎడిసన్_చీరలు
న్యూజెర్సీలో మా ఆయనా నేనూ పట్టుచీరలు, వన్ గ్రామ్ గోల్డ్ నగల షాపు నడుపుతున్నాం. 2021 ఆగస్టులో తెరిచాం, మొదటి నుంచీ ఎస్ కార్పే. మా ఏడాదంతా దసరా, దీపావళి చుట్టూనే తిరుగుతుంది. నవంబర్ చివరికి ర్యాకులు సగం ఖాళీ. డిసెంబర్ రెండో వారానికి సంక్రాంతికీ, మాఘమాసం పెళ్ళిళ్ళకీ కాంచీపురం, ధర్మవరం నుంచి కొత్త బేళ్ళు దిగుతాయి. సరిగ్గా ఆ బేళ్ళు విప్పుతున్నప్పుడే డిసెంబర్ 31 స్టాక్ లెక్క. ప్రతి ఏడూ ఇన్‌వాయిస్ ఒక నెలలో, సరుకు ఇంకో నెలలో పడి గొడవ. స్టాక్ తక్కువగా ఉన్న నవంబర్ 30కి ఏడాది మూసేస్తానంటే మా సీపీఏ "ఎస్ కార్ప్ అంటే క్యాలెండర్ ఇయరే, ఆ మాట వదిలేయండి" అన్నారు. మరి వాల్‌మార్ట్ జనవరి 31కి మూస్తుంది కదా. వాళ్ళకి ఉన్న వెసులుబాటు మాకెందుకు లేదు?

డల్లాస్_దోశ
అక్కా, వాల్‌మార్ట్ సీ కార్ప్, అంటే పన్ను తానే కట్టుకునే కంపెనీ. సీ కార్ప్‌కి మొదటి రిటర్న్‌లో ఏ నెల చివరైనా పెట్టుకోవచ్చు. ఎస్ కార్ప్‌కి లేదు. మీ సీపీఏ చెప్పింది కరెక్టే.

గోదారిగట్టు
ఇండియా లాగా మార్చి 31 పెట్టుకుంటే అక్కడి అద్దె ఆదాయం, ఇక్కడి షాపు రెండూ ఒకేసారి చూసుకోవచ్చు కదా? నాకు భీమవరంలో ఇల్లు అద్దెకుంది. ఏటా జనవరి నుంచి మార్చి దాకా ఒక ఏడాది కాగితాలు, మిగతావి ఇంకో ఏడాదివి చూసి కలపాల్సి వస్తోంది. టీడీఎస్ సర్టిఫికెట్ ఒక లెక్క, ఇక్కడి 1040 ఇంకో లెక్క.

డల్లాస్_దోశ
అన్నా, ఆవిడ అడుగుతున్నది షాపు గురించి. మీది మీ సొంత రిటర్న్. దానికి వేరే థ్రెడ్ పెట్టండి, చాలామంది వస్తారు.

లెక్కల_మాస్టారు
మీ సీపీఏ చెప్పింది మామూలు రూల్. దానికి మినహాయింపు ఉంది, పైగా మీ షాపు లాంటి వాటికోసమే ఉంది. ముందు ఆ రూల్ ఎందుకొచ్చిందో చెబుతాను, అప్పుడు మినహాయింపు సులువుగా అర్థమవుతుంది.

ఎస్ కార్ప్ తనంతట తాను ఆదాయపు పన్ను కట్టదు. మీ వాటా లాభం కె-1 అనే కాగితం మీద మీకొస్తుంది, మీరు మీ సొంత రిటర్న్ 1040లో చూపిస్తారు. ఏ ఏడాదిలో చూపించాలి? కంపెనీ ఏడాది ఏ తేదీన ముగిసిందో ఆ తేదీ పడిన క్యాలెండర్ ఏడాదిలో. 1986కి ముందు చాలామంది పార్ట్‌నర్‌షిప్‌లకి, ఎస్ కార్ప్‌లకి జనవరి 31 పెట్టుకునేవాళ్ళు. 1985 ఫిబ్రవరిలో సంపాదించిన డాలరు 1986 జనవరి 31న ముగిసే ఏడాదిలోకి వెళుతుంది. అంటే ఓనర్ దాన్ని 1986 రిటర్న్‌లో చూపించి 1987 ఏప్రిల్‌లో ఫైల్ చేస్తాడు. పదకొండు నెలల లాభం ఏటా ఒక ఏడాది వెనక్కి జరుగుతూనే ఉంటుంది. 1986 పన్ను సంస్కరణ చట్టం ఈ దారి మూసేసింది. అప్పటి నుంచి ఎస్ కార్ప్‌కి డిసెంబర్ 31, పార్ట్‌నర్‌షిప్‌కి మెజారిటీ పార్ట్‌నర్ల ఏడాది.

కానీ వ్యాపారం సహజంగానే వేరే నెలలో ముగుస్తుందని చూపించగలిగితే ఆ నెల పెట్టుకోవచ్చు. దీన్ని నేచురల్ బిజినెస్ ఇయర్ అంటారు. పరీక్ష కేవలం అంకెల మీదే. మీరు కోరుకునే ఏడాదిలో చివరి రెండు నెలల అమ్మకాలు మొత్తం పన్నెండు నెలల అమ్మకాల్లో 25 శాతమో, అంతకంటే ఎక్కువో ఉండాలి. వరసగా మూడేళ్ళూ ఉండాలి. ఒక్క ఏడాది 24.9 వచ్చినా పోయినట్టే. మీ నెలవారీ అమ్మకాలు ఉన్నాయా?

బే_ఏరియా_బాబాయ్
మాస్టారూ, ఇదంతా ఎందుకు? సెక్షన్ 444 ఎలక్షన్ ఉంది కదా. ఫారమ్ 8716 వేస్తే సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్‌లో ఏదైనా తీసుకోవచ్చు. కారణం చెప్పక్కర్లేదు. మా మిత్రుడు అలాగే సెప్టెంబర్ 30 పెట్టుకున్నాడు.

లెక్కల_మాస్టారు
బాబాయ్, మీ మిత్రుడు కంపెనీ పెట్టిన కొత్తలోనే చేసుంటారు. అప్పుడు కుదురుతుంది. ఇప్పటికే డిసెంబర్‌లో నడుస్తున్న ఎస్ కార్ప్‌కి కుదరదు. ఏడాది మార్చేటప్పుడు 444 కింద మూడు నెలలు గానీ, పాత ఏడాదికి అప్పటికే ఉన్న వాయిదా నెలలు, అంటే ఆ ఏడాది చివరి నుంచి డిసెంబర్ 31 దాకా ఉన్న నెలలు గానీ, ఏది తక్కువైతే అంతే ఇస్తారు. పాత ఏడాది డిసెంబర్ 31 అయితే వాయిదా సున్నా. అక్కడితో ఆ దారి బంద్.

బే_ఏరియా_బాబాయ్
ఓహో. వాడు పెట్టింది కొత్త కంపెనీకే, నిజమే. కానీ వాడు ఏటా ఏదో డిపాజిట్ కడుతున్నానంటాడు. అదేంటి?

లెక్కల_మాస్టారు
అదే ఆ ఎలక్షన్‌కి ఖరీదు. వాయిదా వల్ల ప్రభుత్వానికి ఆలస్యమయ్యే పన్నును ముందే జమ చేయమంటారు. ఫారమ్ 8752 మీద, మే 15 లోపు. సెప్టెంబర్ 30 అంటే మూడు నెలల వాయిదా. కంపెనీ లాభం 1,20,000 డాలర్లు, ఓనర్ జీతం నెలనెలా సమానం అనుకోండి. పన్నెండు నెలల్లో మూడు నెలలు కాబట్టి లాభంలో నాలుగో వంతు, అంటే 30,000. దాని మీద వ్యక్తుల గరిష్ఠ రేటు 37కి ఒకటి కలిపి 38 శాతం, 11,400 డాలర్లు. మీ అసలు రేటు 22 శాతమే అయినా సరే 38 మీదే. వడ్డీ రాదు. లాభం తగ్గితే కొంత వెనక్కి ఇస్తారు. నేచురల్ బిజినెస్ ఇయర్ కింద వెళితే ఈ డిపాజిట్ లేదు.

శారద_పార్సిప్పనీ
444 మీద ఇంత డబ్బు ఆపుకుని ఎందుకు చేస్తారో నాకు అర్థం కాదు.

సీపీఏ_వారి_కోడలు
శారద గారూ, 1986 చట్టం వచ్చాక అందరి పనీ జనవరి నుంచి ఏప్రిల్ మధ్యలో పడి అకౌంటెంట్లు లబోదిబోమన్నారు. 1987లో 444 తెచ్చింది ఆ ఒత్తిడి వల్లే. మా మామగారి ఆఫీసులో ఇప్పటికీ కొందరు పాత క్లయింట్లు సెప్టెంబర్ ఇయర్ ఎండ్‌లోనే ఉన్నారు. వాళ్ళ ఫైళ్ళు నవంబర్, డిసెంబర్‌లో తీరిగ్గా కూర్చుని చేస్తాం. ఫీజు కూడా కాస్త తగ్గుతుంది.

ఎడిసన్_చీరలు
మాస్టారు గారూ, మా బిల్లింగ్ మెషిన్ పీఓఎస్ నుంచి తీశాను. వేల డాలర్లలో రాస్తున్నా.

2023 సెప్టెంబర్ 55, అక్టోబర్ 74, నవంబర్ 92. డిసెంబర్ 2022 నుంచి నవంబర్ 2023 దాకా మొత్తం 600.
2024 సెప్టెంబర్ 50, అక్టోబర్ 128, నవంబర్ 46. ఆ పన్నెండు నెలలకి 640.
2025 సెప్టెంబర్ 52, అక్టోబర్ 130, నవంబర్ 44. మొత్తం 660.
2022 నవంబర్ 38.

అక్టోబర్‌లోనే ఎక్కువ అమ్ముతున్నాం కదా, అక్టోబర్ 31 పెట్టుకుంటే ఇంకా మంచిదేమో?

లెక్కల_మాస్టారు
చేసి చూద్దాం. ముందు మీరు మొదట అడిగిన నవంబర్ 30. చివరి రెండు నెలలు అక్టోబర్, నవంబర్.

2023లో 74, 92 కలిపి 166. 600లో అది 27.7 శాతం.
2024లో 174. 640లో 27.2 శాతం.
2025లోనూ 174. 660లో 26.4 శాతం.
మూడూ 25 దాటాయి. సగటు 27.1.

ఇప్పుడు అక్టోబర్ 31. చివరి రెండు నెలలు సెప్టెంబర్, అక్టోబర్. 2023లో 55, 74 కలిపి 129. నవంబర్ 2022 నుంచి అక్టోబర్ 2023 దాకా మొత్తం 546. అంటే 23.6 శాతం. పోయింది. తర్వాత రెండేళ్ళూ 25.9, 27.5 వచ్చినా లాభం లేదు, ఒక ఏడాది తప్పితే చాలు.

2023 ఎందుకు తప్పిందో మీకే బాగా తెలుసు.

ఎడిసన్_చీరలు
అధిక శ్రావణం! ఆ ఏడాది వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25కి వెళ్ళింది, దసరా అక్టోబర్ 24, దీపావళి నవంబర్ 12. అమ్మకాలన్నీ నవంబర్‌లో పడ్డాయి. 2024లో దీపావళి అక్టోబర్ 31, 2025లో అక్టోబర్ 20. అందుకే ఆ రెండేళ్ళూ నవంబర్ పడిపోయింది.

కరీంనగర్_కుర్రోడు
ఐఆర్ఎస్ ఫారమ్ నింపడానికి పంచాంగం తీయాల్సి రావడం మొదటిసారి చూస్తున్నా 😄

లెక్కల_మాస్టారు
నిజంగా తీయాలి తమ్ముడూ. దీపావళి అక్టోబర్ మధ్య నుంచి నవంబర్ మధ్య దాకా ఎక్కడైనా పడుతుంది. ఆ రెండు నెలలూ చివర్లో కలిసి ఉండే ఏడాది నవంబర్ 30తోనే ముగుస్తుంది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది, దీపావళి నవంబర్ 8. మళ్ళీ 2023 లాంటి ఏడాదే. క్రిస్మస్ మీద బతికే షాపులకి ఈ తిప్పలు లేవు, వాళ్ళ పండగ తేదీ కదలదు.

ఇంకో సంగతి. మూడేళ్ళకి 36 నెలల లెక్క చాలు కదా అనిపిస్తుంది. అడిగేది 47 నెలలది. ఎందుకంటే వేరే ఏ నెల చివర తీసుకున్నా మీరు కోరిన దానికంటే ఎక్కువ సగటు వస్తుందేమో కూడా చూడాలి. పరీక్ష పాసయ్యే నెలలు ఒకటికంటే ఎక్కువుంటే పెద్ద సగటు వచ్చినదే మీది. అలా వెనక్కి జరిపి చూడటానికి ఇంకో పదకొండు నెలలు కావాలి. మీది 2021 ఆగస్టు నుంచి ఉంది కాబట్టి సరిపోతుంది. నిన్నగాక మొన్న తెరిచిన షాపుకి ఈ దారి లేదు. అలాంటివాళ్ళకి మొదటి ఏడాది 444 ఒక్కటే.

మిగతా నెలలు కూడా వేసి చూడండి, ముఖ్యంగా పెళ్ళిళ్ళ నెలలు.

శారద_పార్సిప్పనీ
ఎడిసన్ గారూ, నాది బొటిక్. పీఓఎస్ అంకెల్ని అలాగే నమ్మకండి. మా దాంట్లో సేల్స్ టాక్స్ కలిసి వచ్చేది. అంతకంటే పెద్ద తలనొప్పి అడ్వాన్సులు. పెళ్ళి ఆర్డర్‌కి అక్టోబర్‌లో సగం డబ్బు ఇస్తారు, చీరలు జనవరిలో తీసుకుంటారు. పీఓఎస్ ఆ సగాన్ని అక్టోబర్ అమ్మకం కింద చూపిస్తుంది.

లెక్కల_మాస్టారు
చాలా మంచి పాయింట్. మీరు పన్ను లెక్కకి ఏ పద్ధతి వాడుతున్నారో ఈ పరీక్షకీ అదే వాడాలి. సరిచూసుకోవడం సులువు. జనవరి నుంచి డిసెంబర్ దాకా నెలవారీ అంకెలు కూడి, ఆ ఏడాది మీ ఎస్ కార్ప్ రిటర్న్ 1120-ఎస్ మొదటి లైన్‌తో పోల్చండి. కలిస్తే సరే. కలవకపోతే తేడా సేల్స్ టాక్సా, రిటర్న్‌లా, అడ్వాన్సులా అని వెతకండి. మీ 2025 శాతం 26.4. అక్టోబర్ అమ్మకాల్లో 15 వేలు అడ్వాన్సులని తేలి, అవి నవంబర్ దాటాక అమ్మకమయ్యేవైతే మీరు 25 కిందకి జారతారు.

బే_ఏరియా_బాబాయ్
15 వేలకేనా?

లెక్కల_మాస్టారు
వేసి చూడండి. 174 లోంచి 15 తీస్తే 159. మొత్తం కూడా 645 అవుతుంది. 24.7 శాతం.

ఎడిసన్_చీరలు
అమ్మో. అడ్వాన్సులు ఉన్నాయి, కానీ అంత ఉండవనుకుంటా. పాత ఏడాది తీసుకున్న అడ్వాన్సులు ఈ ఏడాది అమ్మకంగా కూడా మారాలి కదా. ఆర్డర్ పుస్తకం తీసి చూడాలి. సరే, పాసయ్యామే అనుకోండి, తర్వాత ఏం చేయాలి?

లెక్కల_మాస్టారు
ఫారమ్ 1128. ఈ పరీక్ష పాసైతే ఆటోమేటిక్ అనుమతి కింద వస్తుంది, దరఖాస్తు ఫీజు లేదు. 2025కే మార్చాలంటే మీరు జనవరి 1 నుంచి నవంబర్ 30 దాకా పదకొండు నెలలకి ఒక షార్ట్ రిటర్న్ వేస్తారు. ఎస్ కార్ప్ గడువు ఏడాది ముగిశాక మూడో నెల 15. అంటే ఫిబ్రవరి 15. 2026లో అది ఆదివారం, 16 ప్రెసిడెంట్స్ డే, కాబట్టి 17. ఆ తర్వాత డిసెంబర్ 2025 నుంచి నవంబర్ 2026 దాకా మీ మొదటి పూర్తి ఏడాది.

డిసెంబర్ 2025 లాభం మీ 2026 రిటర్న్‌లోకి వెళుతుంది. పన్ను వాయిదా ఆ ఒక్క నెలదే. మీ డిసెంబర్ ఎలాగూ నీరసంగా ఉంటుంది కాబట్టి పన్ను కోసం ఇది చేయడం దండగ. స్టాక్ లెక్క కోసం అయితే చేయండి.

సీపీఏ_వారి_కోడలు
నేను ఒప్పుకోను మాస్టారూ. స్టాక్ లెక్క కోసం కూడా అక్కర్లేదు. ఎడిసన్ గారు నవంబర్ 30నే లెక్కపెట్టుకోవచ్చు. డిసెంబర్‌లో వచ్చిన బేళ్ళ ఇన్‌వాయిస్‌లు కలిపి, అమ్మిన చీరల ఖరీదు తీసేస్తే డిసెంబర్ 31 స్టాక్ వచ్చేస్తుంది. నెల రోజుల కాగితాలే. మా క్లయింట్లు చాలామంది ఇలాగే చేస్తారు. దానికోసం ఇయర్ ఎండ్ మార్చి ఫిబ్రవరి 15 గడువు తెచ్చుకుంటే మా ఆఫీసులో ఆవిడ ఫైలు పట్టుకునే తీరిక ఎవరికుంటుంది? సెప్టెంబర్ ఇయర్ ఎండ్ వేరు. అది డిసెంబర్ 15కి అయిపోతుంది. నవంబర్ అయితే సరిగ్గా సీజన్ నడుమ పడుతుంది.

పైగా జీతాల డబ్ల్యూ-2లు, 941లు, 1099లు అన్నీ క్యాలెండర్ ఏడాదికే. షాపు ఏడాది నవంబర్‌కి మూస్తే రిటర్న్‌లో చూపిన జీతాలు, డబ్ల్యూ-3లో జీతాలు ఎప్పటికీ కలవవు. ఏటా ఒక డిసెంబర్ తీసి ఇంకో డిసెంబర్ కలిపి చూపించాలి.

లెక్కల_మాస్టారు
జీతాల మాట నిజం. గడువు మాట కూడా నిజమే, అయితే ఎక్స్‌టెన్షన్ వేస్తే ఆగస్టు 15 దాకా టైముంది. కానీ ఓనర్లకి కె-1 ఏప్రిల్‌లోపు కావాలి కాబట్టి ఎక్స్‌టెన్షన్ వల్ల పెద్దగా కలిసిరాదు, అదీ ఒప్పుకుంటాను. వెనక్కి లెక్కకట్టే పద్ధతి దగ్గర మాత్రం తేడా ఉంది. ఆ పద్ధతికి అమ్మిన ప్రతి చీర కొన్న ధర తెలియాలి. ఒకే డిజైన్ నాలుగు ధరలకి కొని, బార్‌కోడ్ లేకుండా అమ్మే షాపులో డిసెంబర్ అమ్మకాల ఖరీదు ఊహే అవుతుంది. ఎడిసన్ గారూ, మీకు ఒక్కో చీరకి బార్‌కోడ్ ఉందా?

ఎడిసన్_చీరలు
నగలకి ఉంది. చీరలకి ధర చీటీ ఒక్కటే. కొన్న ధర మా ఆయన కోడ్ అక్షరాల్లో చీటీ వెనక రాస్తారు, మా నాన్నగారి షాపులో రాసినట్టే.

సీపీఏ_వారి_కోడలు
చీటీ మీద ఉందంటే అమ్మినప్పుడు ఆ చీటీ చింపి డబ్బాలో వేయించండి. డిసెంబర్ నెలంతా. అదే మీ బార్‌కోడ్.

విజయవాడ_ఆడిటర్
ఇండియా వాళ్ళ సంగతి ఎవరో పైన ఎత్తారు కాబట్టి చెబుతున్నా. ఇక్కడా ఒకప్పుడు ఇలాంటి స్వేచ్ఛ ఉండేది. ఏ పన్నెండు నెలలైనా సరే. దీపావళికి లెక్కలు మూసే వ్యాపారులు ఉండేవారు, డిసెంబర్‌కి మూసే కంపెనీలు ఉండేవి. ఒకే మనిషి రెండు వ్యాపారాలకి రెండు వేర్వేరు ఏడాదులు పెట్టుకోవచ్చు. 1989-90 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి అందరికీ మార్చి 31 చేశారు. మారే ఏడాది కొందరికి పన్నెండు నెలలకి మించి వచ్చింది. ఆ ఏడాది ఫైళ్ళు చూసిన మా సీనియర్ దాని గురించి ఇప్పటికీ చెబుతుంటారు. కాబట్టి దీపావళి ఏడాది కావాలని ఎడిసన్ గారు అడగడంలో వింతేమీ లేదు, మన వ్యాపారుల పాత అలవాటే.

గోదారిగట్టు
ఇప్పుడు ఇండియాలో పెట్టే కంపెనీ డిసెంబర్ పెట్టుకోలేదా మరి?

విజయవాడ_ఆడిటర్
విదేశీ కంపెనీకి సబ్సిడరీ అయితే, ఖాతాలు కలపడం కోసమని అనుమతి అడిగి కంపెనీల చట్టం కింద వేరే ఏడాది పెట్టుకోవచ్చు. ఆదాయపు పన్నుకి మాత్రం మార్చి 31 తప్పదు. అంటే రెండు సెట్ల లెక్కలు.

డల్లాస్_దోశ
నాదొక డౌట్. నేను ఐటీ కన్సల్టింగ్ కంపెనీ సీ కార్ప్‌గా పెట్టి జూన్ 30 తీసుకుందామనుకుంటున్నా. పైన నేనే చెప్పా, సీ కార్ప్‌కి ఏదైనా కుదురుతుందని. కుదురుతుంది కదా?

లెక్కల_మాస్టారు
ఆగండి. పని చేసేది, వాటాలు ఉన్నది మీరే అయి, పని కన్సల్టింగ్ అయితే దాన్ని పర్సనల్ సర్వీస్ కార్పొరేషన్ అంటారు. డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు, అకౌంటెంట్ల కంపెనీలూ అంతే. వీటికి సీ కార్ప్ అయినా మామూలుగా డిసెంబరే.

డల్లాస్_దోశ
కానీ నేను సలహాలివ్వను, క్లయింట్ దగ్గర మనుషుల్ని పెడతాను. అది స్టాఫింగ్ కదా, కన్సల్టింగ్ ఎలా అవుతుంది?

సీపీఏ_వారి_కోడలు
కంపెనీ పేరులో కన్సల్టింగ్ ఉందా లేదా అని కాదు, డబ్బు దేనికి వస్తోందో చూస్తారు. సలహాకి ఫీజా, పనిచేసి పెట్టినందుకా, మనుషుల్ని ఇచ్చినందుకా. మా ఆఫీసులోనే దీని మీద ఇద్దరిది రెండు మాటలు. మీ కాంట్రాక్టులు చూడకుండా ఎవరూ గట్టిగా చెప్పలేరు.

లెక్కల_మాస్టారు
నేనూ అదే అంటాను. ఓనర్లు కాని ఉద్యోగులే ఎక్కువ పని చేస్తుంటే ఫలితం మారొచ్చు. మొదటి రిటర్న్ వేసేలోపే తేల్చుకోండి. ఈఐఎన్ దరఖాస్తులో ఏ నెల రాశారన్నది మిమ్మల్ని కట్టేయదు. మొదటి రిటర్న్‌లో వేసినదే మీ ఏడాది. తర్వాత మార్చాలంటే మళ్ళీ 1128.

కరీంనగర్_కుర్రోడు
మా బావది సీ కార్ప్, పార్టీ సామాన్ల హోల్‌సేల్. జనవరి 31 ఇయర్ ఎండ్. న్యూ ఇయర్ సరుకు వాపసులన్నీ జనవరిలో తేలిపోతాయి, గోడౌన్ ఖాళీ. తన బోనస్ కూడా జనవరిలో తీసుకుంటాడు. కంపెనీకి ఆ నెలతో ముగిసే ఏడాదిలో ఖర్చు, బావకేమో అప్పుడే మొదలైన క్యాలెండర్ ఏడాదిలో ఆదాయం. ఇది తప్పు కాదు కదా?

లెక్కల_మాస్టారు
తప్పు కాదు. బోనస్ జనవరి 31 లోపు నిజంగా చెల్లించి, జీతంలా పన్ను పట్టుకోవాలి. పుస్తకాల్లో రాసి ఫిబ్రవరిలో ఇస్తే, ఎక్కువ వాటా ఉన్న ఓనర్ విషయంలో ఆ ఖర్చు పాత ఏడాదిలో కుదరదు.

ఎడిసన్_చీరలు
రాత్రి కూర్చుని ఆర్డర్ పుస్తకం చూశాం. 2025 అక్టోబర్, నవంబర్‌లలో తీసుకుని ఇంకా డెలివరీ ఇవ్వని అడ్వాన్సులు 9 వేలు. అంతకుముందు ఏడాది అలా తీసుకున్నవి 6 వేలు, వాటి చీరలన్నీ ఈ వేసవిలోపే వెళ్ళిపోయాయి. అంటే చివరి రెండు నెలలు 165, మొత్తం 657. 25.1 శాతం వస్తోంది.

లెక్కల_మాస్టారు
పాసే, కానీ అంచు మీద ఉన్నారు. 2024, 2023లకి కూడా ఇలాగే అడ్వాన్సులు తీసి చూడండి. సేల్స్ టాక్స్ కలిసిందో లేదో చూశారా?

ఎడిసన్_చీరలు
న్యూజెర్సీలో బట్టల మీద సేల్స్ టాక్స్ లేదు కదండీ. నగల మీద ఉంది. ఆ రిపోర్టు వేరే తీయాలి.

సీపీఏ_వారి_కోడలు
అక్టోబర్‌లో నగలు ఎక్కువ అమ్మి ఉంటే ఆ టాక్స్ తీసేశాక మీ శాతం ఇంకాస్త తగ్గుతుంది. 25.1 నుంచి తగ్గడానికి ఎంతో అక్కర్లేదు. నా మాట విని ఈ ఏడాదికి చీటీల డబ్బా పెట్టండి.

ఎడిసన్_చీరలు
డబ్బా నిన్ననే పెట్టేశా. నగల రిపోర్టు శనివారం తీసి మూడేళ్ళ అంకెలూ ఇక్కడే పెడతాను. మా సీపీఏకి 1128 సంగతి మాత్రం రేపే చెబుతా.